5,000 ఈఎంఐకి 5,367 బిల్లు: ఒక నో-కాస్ట్ ఈఎంఐ కేసు

నేను ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే పని చేస్తాను. రిటర్ను కోసం వచ్చినవాళ్లు కుర్చీలోంచి లేవబోతూ "ఇంకో మాట సార్" అని క్రెడిట్ కార్డు బిల్లు చూపించడం ఈమధ్య బాగా ఎక్కువైంది. వాటిలో ఒకదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను కూడా రెండుచోట్ల తప్పు చేశాను కాబట్టి ఇదే ఎంచుకున్నాను. మనిషి ఆనవాలు తెలిసే వివరాలు తీసేశాను, అంకెలు మాత్రం ఉన్నవే. పైసలు వదిలేసి రూపాయిలకు సరిచేశాను.

నేపథ్యం

ఆవిడ ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తారు. నెల జీతం 40 వేలకు కాస్త పైన. కార్డు వాడటం మొదలుపెట్టి నాలుగేళ్లయింది, ఒక్కసారి కూడా బిల్లు బాకీ పెట్టలేదు. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయి దసరా ఆఫర్లలో కొత్తది కొన్నారు. ధర 60,000. కార్డుమీద ఏడాది నో-కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని నెల వాయిదాలు అని చెబితే అలా తీసుకున్నారు. అప్పటికి చిట్టీ ఎత్తిన డబ్బు 70,000 ఆవిడ సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. ఈ సంగతి నాకు మొదటి రోజు చెప్పలేదు, నేనూ అడగలేదు.

డబ్బు చేతిలో ఉండి ఈఎంఐ ఎందుకు పెట్టారని తర్వాత అడిగితే ఆవిడ చెప్పింది సబబుగానే అనిపించింది. "వడ్డీ లేకుండా ఏడాది టైమిస్తామంటే, నా డబ్బు నా దగ్గరే ఉండనిచ్చి నెలకు 5,000 కడితే తప్పేముంది సార్?" నిజంగా వడ్డీ లేకపోతే తప్పేమీ లేదు.

వచ్చిన సమస్య

డిసెంబరులో ఆవిడ తెచ్చిన బిల్లులో ఫైనాన్స్ ఛార్జీలు అని 806 రూపాయలు, దానిమీద జీఎస్టీ 145 ఉన్నాయి. "నాలుగేళ్లలో ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. నో-కాస్ట్ అన్నారు, వడ్డీ వేశారు. మోసం కదా?" అన్నది ఆవిడ ప్రశ్న. అప్పటికే కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి "ఛార్జీలు కరెక్టే మేడమ్" అన్నారట. రెండోసారి, "మీకు భారంగా ఉంటే ఈ బిల్లు మొత్తం ఈఎంఐగా మార్చేస్తాం, నెలకు 1.33 శాతమే" అన్నారట.

అంతకుముందు నెల, అంటే నవంబరు బిల్లు కూడా తెప్పించుకున్నాను. ఇలాంటి కేసుల్లో గొడవ కనిపించే బిల్లులో కారణం ఉండదు, దాని వెనక బిల్లులో ఉంటుంది. నవంబరు బిల్లులో ఈఎంఐ తాలూకు వరుసలు నాలుగున్నాయి. అసలు 4,265, వడ్డీ 735, ఆ వడ్డీమీద జీఎస్టీ 132, ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 235. మొత్తం 5,367. వీటికి తోడు సరుకులు, పెట్రోలు, కరెంటు బిల్లు లాంటి మామూలు ఖర్చులు 13,800. కట్టాల్సింది 19,167.

ఆవిడ కట్టింది 18,800. బిల్లు చూసి కట్టలేదు. తన ఖర్చుల పుస్తకంలో 13,800 ఉంది, ఫ్రిజ్‌కి 5,000, కూడితే 18,800. నాలుగేళ్లుగా అలాగే కడుతున్నారు, ఎప్పుడూ తేడా రాలేదు. ఈసారి తక్కువ పడింది 367 రూపాయలు.

కార్డుమీద వడ్డీ లేని గడువు అనేది బిల్లు పూర్తిగా కట్టినంతవరకే. కొంచెం మిగిల్చినా ఆ నెల మామూలు కొనుగోళ్లకు కొన్న తేదీ నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. కొత్త నెల కొనుగోళ్లకు కూడా గడువు పోతుంది. ఆవిడ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. 13,800కి కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా సగటున 35 రోజులు వేసుకుంటే 556 వచ్చింది. తర్వాతి నెల కొన్న 14,200కి బిల్లు తేదీ దాకా 245. మిగిలిన 367 మీద ఓ ఐదు రూపాయలు. 806 ఇలా వచ్చింది. 367 రూపాయల లోటుకు 951 రూపాయల దండగ.

అంటే ఆవిడ మోసం అనుకున్న వడ్డీ ఫ్రిజ్‌ది కాదు, కిరాణా సరుకులది. కానీ దాన్ని తెచ్చిపెట్టింది మాత్రం నో-కాస్ట్ అన్న మాటే. వడ్డీ లేదన్నారు కాబట్టి నెలకు సరిగ్గా 5,000 అని ఆవిడ నమ్మారు.

వడ్డీ లేనిచోట 735 వడ్డీ ఎలా వచ్చింది

ఇక్కడ షాపులో ఇచ్చిన కార్డు స్లిప్పు కావాలి. ఆవిడ దాన్ని వారంటీ కార్డుతో పాటు దాచారు కాబట్టి బతికిపోయాం. అందులో ఫ్రిజ్ ధర 60,000, డిస్కౌంట్ 4,892, లోన్ మొత్తం 55,108, వడ్డీ ఏడాదికి 16 శాతం, 12 నెలలు, ఈఎంఐ 5,000 అని ఉన్నాయి. కింద సన్న అక్షరాల్లో వడ్డీమీద జీఎస్టీ అదనం అని ఉంది.

నో-కాస్ట్ ఈఎంఐ అంటే ఇంతే. బ్యాంకు వడ్డీ మానుకోదు. ఏడాదిలో వచ్చే వడ్డీ ఎంతో ముందే లెక్కగట్టి, అంత మొత్తాన్ని కంపెనీయో షాపో ధరలో తగ్గిస్తుంది. 55,108 మీద 16 శాతం వడ్డీతో పన్నెండు వాయిదాలు కడితే సరిగ్గా 60,000 అవుతుంది. ఎడమ చేత్తో తగ్గించిన 4,892 కుడి చేత్తో వడ్డీగా వెళ్లిపోతుంది. చూసేవాళ్లకు ధర మారనట్టే ఉంటుంది.

కానీ పన్ను ఈ సర్దుబాటును పట్టించుకోదు. బ్యాంకు పుస్తకాల్లో అది వడ్డీయే, కాబట్టి 4,892 మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. పన్నెండు నెలల్లో 881 రూపాయలు. మొదట్లో వడ్డీ ఎక్కువ కాబట్టి మొదటి నెల 132తో మొదలై చివరి నెలకు 12కు దిగుతుంది. దీనికి ఫీజు 235 కలిపితే 1,116. 60,000 ఫ్రిజ్ 61,116 అయింది. చాలామంది లెక్క ఇక్కడ ఆపేస్తారు. నేనూ ఆ రోజు ఇక్కడే ఆపాను.

మొదటి ప్రయత్నం, నా తప్పు

ఆవిడ తరఫున బ్యాంకుకు ఒక ఫిర్యాదు రాశాను. అప్పుమీద వడ్డీకి జీఎస్టీ మినహాయింపు ఉంది, కాబట్టి ఈఎంఐ వడ్డీమీద జీఎస్టీ వేయడం చెల్లదు, తీసేయండి అని. గృహరుణం, వాహనరుణం, బంగారం మీద అప్పు, దేనిమీద వడ్డీకైనా జీఎస్టీ ఉండదని రోజూ చెప్పేవాణ్ణి. అదే ధీమాతో రాశాను.

వారంలో జవాబు వచ్చింది. ఆ మినహాయింపు ఇచ్చిన 2017 జూన్ నోటిఫికేషన్‌లోనే క్రెడిట్ కార్డు సేవల్లో భాగమైన వడ్డీకి ఇది వర్తించదని రాసి ఉంది. 12/2017 నోటిఫికేషన్, 27వ వరుస. తెరిచి చూస్తే నిజమే, ఆ వాక్యానికి తోకలా ఉంది. పన్ను పని చేసేవాణ్ణి, సగం వాక్యం చదివి ఉత్తరం రాశాను. ఫిర్యాదు మూసేశారు.

ఆ తోకే ఈ వ్యవహారంలో అసలు కీలకం. అదే ఫ్రిజ్‌ను ఫైనాన్స్ కంపెనీ లోన్‌తో కొంటే వడ్డీమీద పన్ను ఉండదు, ఫీజు మీద మాత్రమే ఉంటుంది. కార్డు ఈఎంఐలో వడ్డీమీద కూడా ఉంటుంది. అంటే కార్డులో 16 శాతం అన్నది చేతికొచ్చేసరికి దాదాపు 18.9 శాతం.

వద్దన్న దారి

ఈలోగా ఆవిడ కస్టమర్ కేర్ చెప్పిన మార్గం వైపు మొగ్గారు. ఆ నెల మామూలు బిల్లులో 14,000 ఆరు నెలల ఈఎంఐగా మార్చుకుంటే టెన్షన్ తగ్గుతుందని. ఇది నో-కాస్ట్ కాదు. కొన్న తర్వాత మార్చుకునే మామూలు ఈఎంఐ, ధరలో తగ్గింపు ఏమీ ఉండదు.

కాగితం మీద వేసి చూపించాను. వాయిదా 2,443, ఆరు నెలల వడ్డీ 660, దానిమీద జీఎస్టీ 119, ఫీజు మళ్లీ 235. మొత్తం 1,014. వినడానికి 14,000 మీద వెయ్యి పెద్దగా అనిపించదు. కానీ ఆ 14,000 ఆరు నెలలూ మన దగ్గర ఉండదు, నెలనెలా తరుగుతూ వస్తుంది. ఆ లెక్కన చూస్తే ఏడాదికి సుమారు 25 శాతం వడ్డీ కట్టినట్టు. రేటు 16, చేరింది 25. అప్పు చిన్నదై, గడువు తక్కువైనకొద్దీ ఫీజు బరువు అంత ఎక్కువ. 60,000 మీద కనబడని 235 రూపాయలు 14,000 మీద ఒక్కటే 1.7 శాతం.

బిల్లు కట్టలేని మనిషికి మాత్రం నేను ఇదే దారి చెబుతాను. నెలకు 3.5 శాతం చొప్పున బాకీ సాగదీయడం కంటే 25 శాతం నయం. ఆవిడకు కట్టే శక్తి ఉందా అని అప్పుడు అడిగాను. చిట్టీ డబ్బు సంగతి అప్పుడు బయటపడింది.

లెక్క తిరగబడిన చోటు

చిట్టీ డబ్బు గురించి విన్నాక షాపులో ఏం మాట్లాడారో మొదటి నుంచి చెప్పమన్నాను. ఆవిడ ఫోన్‌లో షాపువాళ్లు రాసిచ్చిన ఎస్టిమేట్ ఫొటో ఉంది. దానిమీద పెన్నుతో రెండు అంకెలు. ఒకటి 60,000, పక్కన 5,000 ఇంటూ 12. రెండోది 56,000, పక్కన ఫుల్ స్వైప్.

అదే కార్డు, అదే షాపు, అదే రోజు. ఒకేసారి కట్టేస్తే 4,000 తగ్గుతుంది. ఆవిడకు ఆ తేడా తెలుసు, కానీ "అది వేరే ఆఫర్ అనుకున్నా" అన్నారు. వేరే కాదు. ఒకటే అమ్మకానికి షాపు దగ్గర ఉన్న తగ్గింపు ఒకటే. ఈఎంఐ తీసుకుంటే అది బ్యాంకు వడ్డీకి పోతుంది, ఒకేసారి కడితే చాలామటుకు కొన్నవాళ్లకు వస్తుంది.

కాబట్టి ఫ్రిజ్ అసలు ధర 56,000. దానికి 61,116 కట్టబోతున్నారు. తేడా 5,116, ఏడాదికి పదహారున్నర శాతం పైన వడ్డీ. ఈఎంఐ కోసం ఖాతాలో ఉంచుకున్న డబ్బు నెలనెలా తరుగుతూ పోతుంది కాబట్టి సేవింగ్స్ వడ్డీ ఏడాదికి వెయ్యి కూడా రాదు. పన్ను, ఫీజు కలిపి 1,116 అని నేను మొదట చెప్పింది అబద్ధం కాదు గానీ, అది అసలు ఖర్చులో ఐదో వంతే.

అన్నిచోట్లా ఫుల్ స్వైప్ తగ్గింపు ఉంటుందని కాదు. కొన్ని మొబైల్ మోడళ్ల మీద ఏ పద్ధతిలో కట్టినా ఒకటే ధర. అప్పుడు నో-కాస్ట్ ఈఎంఐ ఖర్చు పన్ను, ఫీజు మాత్రమే, అదేమంత చెడ్డ బేరం కాదు. రెండో అంకె అడిగితే గానీ ఏది ఏదో తెలియదు.

మూసేయాలా వద్దా

జరిగిందేదో జరిగింది, ఇప్పుడు ప్రీక్లోజ్ చేస్తే లాభమా? ప్రీక్లోజర్ ఛార్జీ మిగిలిన అసలు మీద 3 శాతం, దానిమీద జీఎస్టీ. నా అలవాటైన జవాబు "ఇప్పటికే డిస్కౌంట్ సర్దుకున్నారు కాబట్టి వదిలేయండి" అనేదే. ఆ మాట అనబోయి ఆగాను. నో-కాస్ట్‌లో డిస్కౌంట్ మొదటి రోజే వచ్చేసింది. వడ్డీ మాత్రం నెలనెలా పడుతోంది. ముందే మూసేస్తే తీసుకున్న డిస్కౌంట్ మనదే, పడబోయే వడ్డీ ఆగిపోతుంది. మామూలు అప్పులో కంటే ఇందులోనే ప్రీక్లోజ్‌కు అర్థం ఉంది.

ఒక్కటి చూసుకోవాలి. కొన్ని ఆఫర్లలో తగ్గింపు ముందుగా రాదు. కార్డుమీద 60,000 పూర్తిగా పడి, కొన్ని నెలల తర్వాత క్యాష్‌బ్యాక్ వస్తుంది. అలాంటిది మధ్యలో మూసేస్తే క్యాష్‌బ్యాక్ రాదనే షరతు ఉండొచ్చు. ఆవిడ స్లిప్పులో డిస్కౌంట్ ముందే పోయింది, తిరిగి వసూలు చేస్తామనే షరతు లేదు. మూసేయండి అని ఫోన్‌లో చెప్పాను. అప్పటికి మిగిలిన అసలు 46,521.

ఆవిడ మర్నాడే డిసెంబరు బిల్లు మొత్తం కట్టి, పైన 47,000 కార్డు ఖాతాకు పంపించారు. జనవరి బిల్లు వచ్చింది. 47,000 జమగా కనిపిస్తోంది, కిందే మూడో వాయిదా 5,000, జీఎస్టీ 112 ఎప్పటిలాగే పడ్డాయి. కార్డుకు ఎక్కువ డబ్బు పంపితే అది జమగా పడి ఉంటుంది, ఈఎంఐ దానంతటది మూతపడదు. మూయమని యాప్‌లోనో ఫోన్‌లోనో విడిగా అడగాలి. ఆ మాట చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఒక నెల వడ్డీ 620, పన్ను 112 అనవసరంగా పోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. అనుంటే బావుండేది.

పనిచేసింది

జనవరి బిల్లు వచ్చిన నాలుగో రోజు ఫోన్ చేసి, లోన్ నంబరు చెప్పి మూయమని అడిగారు. అసలు 42,141, ఛార్జీ 1,264, దాని జీఎస్టీ 228, మధ్య నాలుగు రోజుల వడ్డీ, పన్ను 87. జమగా ఉన్న డబ్బులోంచి తీసుకున్నారు, మిగిలిన తేడా ఆ నెల బిల్లుతో కట్టారు. మూసినట్టు రాతపూర్వకంగా మెయిల్ తెప్పించుకున్నాం. తర్వాతి బిల్లులో ఈఎంఐ వరుస లేకపోవడం కూడా చూసుకున్నాం.

951 రూపాయల ఫైనాన్స్ ఛార్జీ మీద డిసెంబరులోనే రెండో ఉత్తరం రాశాను. ఈసారి పన్ను చెల్లదు అనలేదు. ఆర్‌బీఐ అప్పట్లో అమలుచేసిన 2022 కార్డుల మాస్టర్ డైరెక్షన్ ప్రకారం ఈఎంఐగా మార్చేముందు అసలు, వడ్డీ, ముందుగా ఇచ్చిన డిస్కౌంట్ ఎంతెంతో కస్టమర్‌కు స్పష్టంగా చూపాలి, బిల్లులో కూడా విడివిడిగా చూపాలి. వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదిగా మభ్యపెట్టి చూపకూడదు. 2013లోనే, కార్డు బాకీల మీద సున్నా వడ్డీ స్కీముల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాస్తున్నారని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ఆవిడ బిల్లులో అసలు, వడ్డీ విడిగానే ఉన్నాయి, డిస్కౌంట్ వరుస లేదు. అది చూపించి అడిగింది ఒక్కటే. నాలుగేళ్లుగా పూర్తిగా కడుతున్న మనిషికి 367 లోటు ఎందుకు వచ్చిందో చూడండి, ఒకసారికి ఈ ఛార్జీ తిప్పి ఇవ్వండి అని. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్దామని సిద్ధంగా ఉన్నాం, అవసరం రాలేదు. 951 తిరిగి వేశారు. ఫీజు, ఈఎంఐ మీద పన్ను ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

డిస్కౌంట్ వరుస వాదనకు లొంగారా, నాలుగేళ్ల మంచి చరిత్రకు లొంగారా అన్నది వాళ్లు రాయలేదు. నా అంచనా రెండోదే.

చివరి లెక్క, మారిన పద్ధతి

మూడు వాయిదాలు 15,000, వాటి మీద పన్ను 366, ఫీజు 235, మూసేటప్పుడు 43,720. మొత్తం 59,321. ఏడాది సాగదీసి ఉంటే 61,116 అయ్యేది, కాబట్టి 1,795 మిగిలింది. మొదటి రోజు ఫుల్ స్వైప్ చేసి ఉంటే 56,000తో పోయేది, కాబట్టి 3,321 పోయింది.

ఈ కేసు తర్వాత నా దగ్గర రెండు మారాయి. ఈఎంఐ అని ఎవరొచ్చినా, బిల్లు తెరవకముందే "ఆ రోజు చేతిలో డబ్బుందా, ఒకేసారి కడితే ఎంతన్నారు" అని అడుగుతున్నాను. ఈఎంఐ నడుస్తున్నవాళ్లకు మాత్రం ఖర్చుల పుస్తకం చూసి కట్టొద్దని, మొత్తం బిల్లుకు ఆటో డెబిట్ పెట్టుకోమని చెబుతున్నాను. వాయిదా ఒకటే అయినా పన్ను నెలనెలా మారుతుంది, కాబట్టి ఆ అంకె తలలో నిలవదు.

మొన్న సంక్రాంతి ముందు ఆవిడ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. తమ్ముడికి ల్యాప్‌టాప్, షాపు ఎస్టిమేట్. నో-కాస్ట్ అంకె పక్కన ఆవిడే షాపువాడితో రెండో అంకె రాయించారు. రెండూ ఒకటే ఉన్నాయి. "ఇది పెట్టొచ్చా సార్" అని అడిగారు. ఫీజు ఎంతన్నారో కనుక్కోమన్నాను.